ఎడమకు లాగిన పెదవి

మా కచేరీలో నాకు రాతిముఖం అని పేరుండేది. ఆ పేరంటే నాకు లోలోపల గర్వం కూడా. తాసిల్దారు తిట్టినా, రైతు వచ్చి కాళ్ల మీద పడ్డా నా కనుబొమ కదిలేది కాదు. కచేరీలో గుమాస్తాకు అలాంటి ముఖం ఉండాలనే అనుకునేవాణ్ణి. అది నిబ్బరం కాదని, ఒట్టి బద్ధకమని తెలియడానికి నాకు ఒక చెవిటి దర్జీ కావలసి వచ్చాడు.

పోలీసు యాక్షన్ జరిగిన మరుసటి ఏడాది. నల్గొండ చుట్టుపక్కల ఊళ్లన్నిటా మిలిటరీ క్యాంపులు. రజాకార్లు పోయారని జనం ఊపిరి పీల్చుకునే లోపే కమ్యూనిస్టు సంఘం వాళ్ల కోసం వేట మొదలైంది. ఎవరింట్లో దళం అన్నం తిన్నదో, ఎవరు రొట్టెలు మూటగట్టి ఇచ్చారో చెప్పమని ఊళ్లకు ఊళ్లను ఎండలో నిలబెట్టేవాళ్లు. ఆ వివరాలన్నీ కాగితాలై మా కచేరీకి వచ్చేవి. నేను వాటికి నకళ్లు రాసేవాణ్ణి. ఉర్దూ, తెలుగు, కొద్దిగా ఇంగ్లీషు వచ్చిన పాపానికి ఆ పని నా నెత్తిన పడింది.

ఒక రోజు తాసిల్దారు నన్ను పిలిచి ఒక కాగితం ముందుకు తోశాడు. పది మైళ్ల దూరంలోని ఊళ్లో క్యాంపు వాళ్లు ఒక సాలె అతన్ని పట్టుకున్నారు. తెల్లవారుజామున చెంబు పట్టుకొని పొలానికి పోతుంటే సిపాయి ఆగమని అరిచాడట. ఆగలేదు. మళ్లీ అరిస్తే కూడా ఆగలేదు. తుపాకి మడమతో పొడిచి ఈడ్చుకొచ్చాక వారం రోజులు కొట్టి అడిగారు. ఒక్క మాట పలకలేదు. వారం తర్వాత ఎవరో చెప్పారు, అతను పుట్టు చెవిటివాడని.

అయినా వదల్లేదు. అతని ఇంట్లో దళం అన్నం తిన్నదని ఆ ఊరి పోలీసు పటేలు చెప్పాడట. వాంగ్మూలం లేకుండా విడిచిపెట్టడానికి క్యాంపు అధికారికి మనసొప్పలేదు. చెవిటి వాళ్ల భాష నేర్చుకొని వచ్చి వాంగ్మూలం రాసుకునే మనిషిని పంపమని కాగితం. పదిహేను రోజుల గడువు. సైగలే కదా, నేర్చుకోవడానికి ఏముంటుందనుకున్నాడు కాబోలు. నేనూ అంతే అనుకున్నాను.

మా ఊళ్లో ఆ భాష నేర్పగలిగినవాడు ఆ చెవిటి దర్జీ ఒక్కడే; అతని దుకాణం అంగడి బజారులో ఉండేది. అతనికి నలభై ఏళ్లుంటాయి. చిన్నప్పుడు ఎవరో పాదిరీలు అరవ దేశంలోని చెవిటి పిల్లల బడికి పంపారట. అక్కడ కుట్టుపని, చేతిభాష, చేతులతో ఇంగ్లీషు అక్షరాలు చూపడం నేర్చుకొని వచ్చాడు. అంగడి నాడు చుట్టుపక్కల ఊళ్ల నుంచి నలుగురైదుగురు చెవిటివాళ్లు అతని అరుగు మీద చేరేవాళ్లు. పట్టుబడ్డ సాలె అతను కూడా ప్రతి అంగడికీ గుడ్డ అమ్ముకోవడానికి వచ్చి, పని అయ్యాక ఆ అరుగు మీదే పొద్దుగూకిందాకా కూర్చునేవాడు. దారిన పోయేవాళ్లు ఆగి, వాళ్ల చేతుల కదలికలను వెక్కిరిస్తూ కోతిచేష్టలు చేసేవాళ్లు. నేనూ ఆ బజారు మనిషినే. ఏనాడూ వెక్కిరించలేదు, ఎవరినీ వద్దనీ అనలేదు.

దర్జీ భార్యకు వినికిడి ఉంది. నేను పోయి విషయం చెబితే ఆమె మొగుడికి చేతులతో చెప్పింది. అతను కత్తెర పక్కన పెట్టి చాలాసేపు నా ముఖం చూశాడు. తర్వాత అతని చేతులు కదిలాయి, ఆమె పలికింది.

"మావోన్ని బయటికి తీస్తనంటే నేర్పుతడట. ఎందుకు ఆగలేదో గంతే రాసుకోవాలె. ఎవ్వరి పేరూ రాయొద్దట. గట్లయితేనే కూసో, లేకపోతే పొమ్మంటుండు."

నేను సరేనన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను. అది అబద్ధం కానందుకు ఇవాళ నాకేమీ ఊరట లేదు.

పాఠం మొదటి రోజే నాకు రోత పుట్టింది. నేర్పడం చేతుల ఆకారాలతో మొదలుపెట్టాడు. పిడికిలి, విప్పిన అరచెయ్యి, ఒక్క చూపుడువేలు, వంచిన వేళ్లు, బొటనవేలితో చూపుడువేలు కలిపి చేసిన సున్న. ఒకే చోట, ఒకే కదలికతో చేసినా చెయ్యి ఆకారం మారితే మాట మారిపోతుంది. ఇరవై ఏళ్లు కలం పట్టిన నా వేళ్లు కర్రల్లా ఉండేవి. ఉంగరపు వేలు ఒక్కటీ లేపమంటే దాని వెంట చిటికెన వేలూ లేచేది. అతను నా వేళ్లను పట్టుకొని ఒక్కొక్కటే వంచేవాడు. అతని చేతులకు కుట్టుమిషను నూనె, తంబాకు వాసన. ఇంటికి పోయి రెండుసార్లు చేతులు కడుక్కునేవాణ్ణి. మా ఆవిడకు ఈ సంగతి చెప్పుకోలేదు.

అది కూడా తట్టుకున్నాను. నా వల్ల కానిది ముఖం.

మూడో రోజు అతను "నువ్వు", "అన్నం తినడం" అనే రెండు సైగలు కలిపి చూపించాడు. చేశాను. మళ్లీ చెయ్యమన్నాడు. చేశాను. తల అడ్డంగా ఊపి భార్య వైపు చూశాడు.

"తిన్నవా అని అడుగుమంటే తిన్నవు అని చెప్తున్నవట" అందామె. "చేతులు గవే సాబ్. అడిగేది మొకం. కండ్లు పెద్దగ జెయ్యాలె, బొమలు లేవాలె, తల జర ముందుకు రావాలె. నీ మొకం సచ్చిన మొకం ఉన్నదట."

"అట్ల అన్నడా?"

"గంతకన్న ఎక్కువనే అన్నడు. నేను తగ్గించి చెప్పిన."

నెమ్మదిగా తెలిసింది. అవునా కాదా అని అడిగేందుకు ఒక ముఖం. ఎవరు, ఎక్కడ, ఎందుకు అని అడిగేటప్పుడు ప్రశ్న సైగ చివరికి వస్తుంది, గడ్డం కాస్త పైకెత్తి తల వెనక్కి పోతుంది. లేదనడానికి చివర చెయ్యి ఒక్కటీ చాలదు, తల అడ్డంగా ఊగాలి. చాలా పెద్దది అనాలంటే బుగ్గలు పూరించాలి. అది నటన కాదు, సరదా కాదు. మన మాటల్లో దీర్ఘాలు, విభక్తులు ఎంత అవసరమో వాళ్లకు కనుబొమలు, పెదవులు అంత అవసరం. అవి లేకపోతే మాట సగమే పలికినట్టు.

పట్టపగలు అంగడి బజారులో కూర్చొని కళ్లు పెద్దవి చెయ్యడం, బుగ్గలు పూరించడం! మా కచేరీ చప్రాసీ ఒకసారి అటుగా పోతూ చూసి నోరు వెళ్లబెట్టాడు. నాకు తలకొట్టేసినట్టయింది. నా మీద నాకే అసహ్యం, ఆ దర్జీ మీద అసహ్యం, నన్ను ఈ పనికి పంపిన వాళ్ల మీద అసహ్యం. మరో తప్పు కూడా చేసేవాణ్ణి. అతను మాట్లాడుతుంటే నా చూపు అతని చేతుల మీదే ఉండేది. అతను నా గడ్డం కింద వేలు పెట్టి పైకెత్తేవాడు. ముఖం చూడు, చేతులు వాటంతటవే కనిపిస్తాయని. ఒకరి ముఖంలోకి అంతసేపు చూడడం నాకు అలవాటు లేదు. కచేరీలో మేం కాగితాలే చూస్తాం.

చేతి అక్షరాలు మాత్రం నాకు ఇట్టే పట్టుబడ్డాయి. వాటికి ముఖంతో పెద్ద పని లేదు. ఎడమచేతి అయిదు వేళ్ల కొనలే అయిదు అచ్చులు. బొటనవేలి కొన కుడి చూపుడువేలితో తాకితే ఏ, చూపుడువేలి కొన తాకితే ఈ, అలా చిటికెన వేలి దాకా. ఎడమ అరచేతి మీద మూడు వేళ్లు ఆనిస్తే ఎం, రెండు ఆనిస్తే ఎన్, ఒక్కటి ఆనిస్తే ఎల్. చిటికెన వేళ్లు రెండూ కొక్కేల్లా తగిలిస్తే ఎస్. దారపు రీళ్ల డబ్బాల మీద ఉండే ఇంగ్లీషు మాటలను ఒక్కొక్కటే తీసి నాతో చేయించేవాడు. మొదట్లో ప్రతి అక్షరానికీ చేతులు కిందికి దించేవాణ్ణి. అలా చేస్తే చదవలేరని, చేతులు ఒకేచోట ఉంచి మాట మొత్తం సాగనివ్వాలని, మాటకూ మాటకూ మధ్యన మాత్రం కాస్త ఆగాలని నేర్పాడు. తను చేస్తే అక్షరాలు లెక్కపెట్టకుండా మాట మొత్తాన్ని ఒక్క చూపులో పట్టుకోమనేవాడు. ఎం, ఎన్ తడబడ్డా, వారం తిరక్కుండానే డబ్బాలన్నీ చదివేశాను. అతను నా వీపు తట్టాడు. నాకు ఒళ్లు పొంగిపోయింది. అంతటి చదువరిని ఒక దర్జీ మెచ్చుకుంటే పొంగిపోయానని అప్పుడు సిగ్గు కూడా పడ్డాను.

అతని పాఠానికి ఒక పద్ధతి ఉంది. తను ఏం చెప్పినా, కొత్త సైగ ఏది వచ్చినా, నేను వెంటనే అదే చేతులతో, అదే ముఖంతో తిరిగి చేసి చూపాలి. సరిగ్గా చేస్తేనే ముందుకు పోతాడు. అరుగు మీది వాళ్లంతా కొత్తవాడితో అట్లాగే చేస్తారు. చెవులున్నవాళ్లం మనం ఊఁ కొడతాం. వాళ్లు తిరిగి చేస్తారు. అర్థమైందా అని అడగనక్కర లేదు, కళ్ల ముందే కనిపిస్తుంది. గడువు పొడిగించమని తాసిల్దారును బతిమాలి నెల రోజులు రోజుకు రెండు పూటలా ఆ పనే చేశాను. చివరికి మా ఇంట్లో మా ఆవిడ చెంబు చూపిస్తే నేనూ చెయ్యెత్తి చెంబు చూపించేదాకా వచ్చింది. ఆమె భయపడింది.

మనుషుల పేర్లు కూడా వాళ్లకు వేరు. పుట్టినప్పటి నుంచీ వినని పేరును ఎవరు మాత్రం ఎందుకు పిలుస్తారు? ఒకడికి చెంప మీద పుట్టుమచ్చ ఉంటే అక్కడ వేలు పెట్టడమే వాడి పేరు. మెడ పొట్టిగా ఉంటే భుజాలు ఎత్తడమే పేరు. సాలె అతనికి కొట్లాడే పుంజులంటే ఇష్టం, కాబట్టి నెత్తి మీద పుంజు జుట్టులా వేళ్లు పెట్టడం అతని పేరు.

క్యాంపుకు బయలుదేరిన రోజు దర్జీ కూడా నాతో వచ్చాడు. లోపలికి రానివ్వరు కాబట్టి కంచె బయట నిలబడి, దూరం నుంచే సాలె అతనికి సైగ చేశాడు. ఈయన మనవాడు, నమ్మి మాట్లాడు. నేను చూస్తుండగానే ఆ సైగ చేశాడు.

క్యాంపు ఊరి బడిలో పెట్టారు. ఫినాయిలు, చెమట, ఉచ్చ కలిసిన కంపు. వరండాలో ఊరి పోలీసు పటేలు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. నిన్నటిదాకా రజాకార్లకు మేకలు కోసి పెట్టినవాడు ఇవాళ ఖద్దరు టోపీ పెట్టుకున్నాడు. టోపీకి ఇస్త్రీ మడతలు ఇంకా పోలేదు. అధికారికి నీళ్లు తనే తెచ్చాడు, కుర్చీ తనే తుడిచాడు, నా దగ్గరికి వచ్చి తమలపాకు తిన్న నోటితో చెవిలో చెప్పాడు.

"మున్షీ సాబ్, జర మంచిగ అడుగుండ్రి. మా ఊళ్లె ఎవరెవరు లంగ పని చేస్తున్నరో గీ చెవిటోనికి ఎరుకే."

ఆ నోటి వాసన భరించలేక పక్కకు జరిగాను.

సాలె అతన్ని తెచ్చి నా ఎదుట కూర్చోబెట్టారు. పక్కటెముకలు విరిగాయేమో, కుడిచెయ్యి పొట్టకు ఆనించుకొనే ఉన్నాడు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. ఒక కన్నుతో, ఒకటిన్నర చేతితో మాట్లాడవలసిన మనిషి. నేను అతని పేరుతో పలకరించాను, నెత్తి మీద పుంజు జుట్టు పెట్టి. అతని ముఖం ఎంత వికసించిందంటే నాకు చూడబుద్ధి కాలేదు. నెల రోజుల మీద ఎదుట కూర్చొని అతనితో మాట్లాడిన మొదటి మనిషిని నేను.

మొదటి ప్రశ్న బాగానే గడిచింది. ఎందుకు ఆగలేదని అడిగాను, గడ్డం ఎత్తి, తల వెనక్కి వంచి, దర్జీ నేర్పినట్టే. వెనక నుంచి అరిస్తే నాకెట్లా తెలుస్తుంది అన్నాడు. సిపాయి ముందుకు వచ్చి చెయ్యి ఎత్తితే ఆగేవాణ్ణి కదా అన్నాడు. తిరిగి చేసి చూపాను. తల ఊపాడు. ఉర్దూలో చెప్పి రాసుకున్నాను. అధికారి కూడా తల ఊపాడు. అతను ఉత్తరాది మనిషి, పాపం నిద్ర లేని కళ్లతో ఉన్నాడు, త్వరగా ముగిస్తే చాలన్నట్టున్నాడు.

తర్వాత ఇంట్లో అన్నం తిన్నవాళ్ల పేర్లు అడగమన్నాడు.

పేర్లు అతనికి తెలియవు సాబ్ అన్నాను. చేతులతో అక్షరాలు చూపే పద్ధతి ఉన్నదని నీ కాగితంలోనే రాశావు కదా, అట్లా అడుగు అన్నాడు. గడువు పొడిగించమని అడిగిన కాగితంలో ఆ పద్ధతి గురించి గొప్పగా రాసింది నేనే. నా ప్రతాపం తాసిల్దారుకు తెలియాలని రాశాను. బడికి పోనివాడికి అక్షరాలు రావు సాబ్, ఇతనికి ఏ అనే అక్షరం కూడా తెలియదు అని చెప్పాను. అది నిజమే. పదివేళ్లున్నాయి కదా, ఎందుకు రాదు అన్నాడు. అయినా అడుగు, నేను చూస్తాను అన్నాడు.

అడగకుండా తప్పదు. నీ ఇంట్లో అన్నం తిన్నారు, ఎవరు? అని అడిగాను. అతను చీకట్లో వచ్చారు, ముఖాలు కనపడలేదు అంటాడనీ, అనకపోయినా నేను అదే రాస్తాననీ ముందే అనుకొని ఉన్నాను. వాక్యం కూడా ఉర్దూలో సిద్ధం చేసుకున్నాను. అతను ఏం చెప్పినా ఆ గదిలో నాకు తప్ప ఎవరికీ తెలియదనే ధైర్యం.

అతను నన్ను నమ్మాడు. నలుగురు వచ్చారన్నాడు. ముగ్గురు కొత్తవాళ్లన్నాడు. నాలుగో అతను తెలుసన్నాడు. చూపుడువేలితో కింది పెదవిని ఎడమకు లాగి, ఎడమ కన్ను సగం మూశాడు. మంచివాడు, రొట్టె తిని నా మగ్గం గుంటలో చేరిన వాననీళ్లు బయటికి ఎత్తిపోశాడు, అన్నాడు.

నేను తిరిగి చేసి చూపాను.

ఆలోచించి చెయ్యలేదు. చూపుడువేలు దానంతటదే లేచింది. పెదవిని ఎడమకు లాగింది, కన్ను సగం మూసింది. దర్జీ నెల రోజులు కూర్చోబెట్టి విరిచి వంచి కరిగించిన ముఖం, ఆ రోజు మాత్రం ఎంత చక్కగా పనిచేసింది! సాలె అతను సంతోషంగా తల ఊపాడు. సరిగ్గా పట్టుకున్నావని.

సాలె అతని వెనక నిలబడ్డ పటేలు కిసుక్కున నవ్వాడు.

"మూతి వంకరోడు! సాబ్, గాడు మా జీతగాడు. ఎద్దు తన్ని మూతి పోయింది. సంఘపోళ్లు వచ్చినంక నా జీతం ఇడిసిపెట్టి పోయిండు లంజకొడుకు."

సాలె అతని చేతులు వాడికి ఎన్నడూ అర్థం కాలేదు. వాటి వంక చూసి ఎరగడు. కానీ ఒక మున్షీ, గడ్డం గీసుకొని కోటు తొడుక్కున్న మనిషి మూతి వంకర పెడితే చూడనివాడెవడు? అధికారికి వాడే తన వచ్చీరాని ఉర్దూలో విడమరిచి చెప్పాడు. అలా కాదు, అది వాళ్ల భాషలో వేరే మాట అని పెదవి కదిలీ కదలకుండా నేను గొణిగాను. అధికారి నా వంక చూడలేదు. ఇద్దరు సిపాయిలను పటేలు వెంట పంపాడు.

ఇదంతా జరుగుతున్నంతసేపూ సాలె అతను నా ముఖమే చూస్తున్నాడు. పటేలు తన వీపు వెనక నిలబడి మాట్లాడినది అతనికి తెలియదు. ఇంకేమైనా అడుగుతావా అని కనుబొమలు ఎత్తాడు.

సాయంత్రానికి అతన్ని వదిలేశారు. దర్జీ అతన్ని బండిలో పడుకోబెట్టుకొని తీసుకుపోయాడు. నా రెండు చేతులూ తన కళ్లకు అద్దుకున్నాడు.

నాలుగు రోజులకు క్యాంపు నుంచి కాగితం వచ్చింది. అడవిలోకి పారిపోతుండగా కాల్చవలసి వచ్చిందని. దానికి రెండు నకళ్లు నేనే రాశాను. ఆ జీతగాడి అసలు పేరు నాకు ఆ కాగితంలోనే మొదటిసారి కనబడింది. గుండ్రంగా, తప్పు లేకుండా రాశాను. నా దస్తూరీ అందంగా ఉంటుందని అందరూ అంటారు. ఆ రోజు ఆ అక్షరాలు చూస్తే వాంతి వచ్చింది. నిజంగానే కచేరీ వెనక్కి పోయి కక్కుకున్నాను.

అంగడి నాడు దర్జీ దుకాణానికి పోయాను. పోకుండా ఉండలేకపోయాను. భార్య నన్ను చూడగానే లోపలికి పోయింది. ఊరంతా అనుకుంటున్నది ఆమె చెవిన పడకుండా ఉంటుందా? దర్జీకీ తెలిసింది. అతను మిషను ఆపి నన్ను ఎదుట కూర్చోమన్నాడు. క్యాంపులో ఏం జరిగిందో చెప్పాను. మాటలు చాలని చోట అక్షరాలు చూపించాను. చివరిదాకా కళ్లు తిప్పకుండా చూశాడు. తిట్టలేదు. తిరిగి చేసి చూపలేదు కూడా. అరుగు చివర గుడ్డ మూట పక్కన కూర్చున్న సాలె అతని వైపు వేలు చూపి, అతను పొద్దుటి నుంచీ అడుగుతున్నాడు, నేను చెప్పను, నువ్వు చెప్పు అన్నాడు.

సాలె అతను నన్ను చూసి లేచి వచ్చాడు. వాపు తగ్గింది. రెండు కళ్లూ తెరుచుకున్నాయి. పక్కన కూర్చొని మోకాలు తట్టి అడిగాడు. కింది పెదవి ఎడమకు లాగి, కన్ను సగం మూసి, తర్వాత ప్రశ్న. కనబడడం లేదు, ఎక్కడ?

చచ్చిపోయాడు అని చెప్పాను. మిలిటరీ, తుపాకి అని చెప్పాను. అతని ముఖం ఎట్లా అయిందో రాయను. మళ్లీ అడిగాడు. ఎవరు చెప్పారు వాళ్లకు?

నేను నా రొమ్ము మీద వేలు పెట్టుకున్నాను.

అతను ఒక్క క్షణం చూశాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు, గట్టిగా, పదేపదే. నా వేలు పట్టుకొని రొమ్ము మీద నుంచి తీసేశాడు. కాదు, నువ్వు కాదు. పటేలు అయి ఉంటాడు. నేను అక్కడే ఉన్నాను, నీ ముఖమే చూస్తున్నాను. నేను ఆ పేరు చెప్పాక నువ్వు నోరు తెరవలేదు.

దర్జీ చూస్తున్నాడు. నాకు మాటలు తెలుసు. నా వేలు, నా పెదవి, పటేలు కళ్లు, మూడు సైగలు చాలు.

నేను అవును, పటేలే అన్నట్టు తల ఊపాను.

సాలె అతను నా భుజం మీద చెయ్యి వేశాడు. దర్జీ మిషను వైపు తిరిగి తొక్కడం మొదలుపెట్టాడు.